మాస్టారి గొంతుకి పడ్డ మార్కులు

పోయినేడాది మా సాహిత్యం వాట్సాప్ గ్రూపులో చనిపోయిన ఒక మనిషి గొంతుకి మార్కులు పడ్డాయి. 94 శాతం కృత్రిమం అని. ఎవరో ఆడియోని ఒక వెబ్‌సైట్‌లో పెట్టారు. స్కూటర్ స్పీడోమీటర్ లాంటి బొమ్మలో ముల్లు తిరిగి ఎర్రరంగులో ఆగింది. ఆ స్క్రీన్‌షాట్ గ్రూపులోకొచ్చింది. దాని కింద వరసగా బొటనవేళ్ళు. కవులూ కథకులూ విమర్శకులూ ఉన్న గ్రూపది. ఒక పద్యపాదం మీద మూడ్రోజులు కొట్టుకోగలరు. ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందని మాత్రం ఒక్కరూ అడగలేదు.

ఆ ఆడియో పెట్టింది నేను. పొట్టకూటికి సౌండ్ ఎడిటింగ్ చేస్తాను, ఖాళీ ఉన్నప్పుడు పాత క్యాసెట్లు డిజిటల్‌లోకి ఎక్కిస్తాను. ఈ క్యాసెట్ విజయనగరం వైపు పనిచేసిన ఒక తెలుగు మాస్టారిది. 1991లో ఒక గ్రంథాలయం హాల్లో ఆయన మాట్లాడుతుంటే ఎవరో టేప్ రికార్డర్ బల్ల మీద పెట్టి నొక్కేశారు. ఆ ప్రసంగం మధ్యలో ఆయన ఒక మాటన్నారు. అప్పటికే ఒక సంకలనంలో సేకర్త పేరుతో అచ్చయిన ఒక ఊడుపు పాటని తనకి ఫలానా ఊళ్ళో ఫలానా కూలిమనిషి పాడి వినిపించిందనీ, అందులో రెండు చరణాలు ఆమె సొంతంగా కట్టినవనీ. ఆమె పేరు కూడా చెప్పారు. నేనిక్కడ రాయను, ఆ కుటుంబం ఇంకా ఆ ఊళ్ళోనే ఉంది. ఆ రెండు నిమిషాల ముక్కనే నేను గ్రూపులో పెట్టాను. సంకలనం తరఫువాళ్ళకి నచ్చలేదు. “ఈ రోజుల్లో ఎవరి గొంతైనా చేయిస్తారండీ” అన్నారొకరు. సాయంత్రానికి స్క్రీన్‌షాట్ వచ్చింది, రాత్రికి అడ్మిన్‌గారు నా క్లిప్ తీసేశారు.

మర్నాడు మాస్టారి అమ్మాయి ఫోన్ చేశారు. ఆవిడకి అరవై దాటాయి. “అంటే బాబూ, మా నాన్నగారు ఆ మాట అననేలేదంటున్నారా వాళ్ళు?”

నా గొడవంతా ఈ ప్రశ్న గురించే. ఆ వెబ్‌సైట్ ఆ మాట అనలేదు. అనగలిగే శక్తి దానికి లేదు కూడా. మాస్టారు ఈ మాట అన్నారా లేదా అని మనం అడిగాం. అది వేరే ప్రశ్నకి జవాబు చెప్పింది. మనం దాన్ని మన ప్రశ్నకి అంటించుకున్నాం.

అసలీ డిటెక్టర్ ఏం చూస్తుందో ముందు చెప్తాను. అది మాటలు వినదు. ‘ఊడుపు పాట’ అన్నా ‘ఉప్పు ప్యాకెట్’ అన్నా దానికొకటే. శబ్దాన్ని సెకనులో వందో వంతుల లెక్కన చిన్నచిన్న ముక్కలు చేసి, ప్రతి ముక్కలో ఏ పౌనఃపున్యం దగ్గర ఎంత శక్తి ఉందో కొలుస్తుంది. కొత్తరకం మోడళ్ళు ఈ కొలిచే పని కూడా మనుషులకి వదలవు, ముడి తరంగాన్నే మింగేసి తమకి కావలసింది తామే ఏరుకుంటాయి. ఏరుకునేది ఏమిటయ్యా అంటే, గొంతు తయారుచేసే యంత్రం వదిలిన గీతలు. క్లోనింగ్‌లో చివరి మెట్టు వోకోడర్ అనేది. గొంతు ఎలా ఉండాలో చెప్పే ఒక రకం పటాన్ని తీసుకుని అది శబ్దతరంగంగా మారుస్తుంది. 2020లో వచ్చిన హైఫై-గ్యాన్ ఇలాంటిదే. ఆ మార్చడంలో పై పౌనఃపున్యాల్లో సన్నటి, క్రమం తప్పని చారికలు మిగిలిపోతుంటాయి. అచ్చుయంత్రంలో ఒక అక్షరం ఎప్పుడూ కాస్త వంకరగా పడ్డట్టు. మన చెవికి అది అందదు, లెక్కకి అందుతుంది.

ఇంతవరకూ బావుంది. చిక్కు నేర్పడం దగ్గర వస్తుంది. డిటెక్టర్‌కి అసలువి కొన్ని, నకిలీవి కొన్ని చూపించి తేడా పట్టుకోమంటారు. ఏ తేడా పట్టుకోవాలో ఎవరూ చెప్పరు. ఈ రంగంలో అందరూ వాడే పరీక్ష ఒకటుంది, ఏఎస్‌వీస్పూఫ్ అంటారు. 2015 నుంచి నడుస్తోంది. 2019లో వాళ్ళిచ్చిన డేటాలో కృత్రిమ గొంతుల భాగానికి ఆధారం ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో రికార్డు చేసిన ఇంగ్లీషు గొంతులు, 107 మందివి. ప్రతిధ్వని రాకుండా కట్టిన గదిలో కూర్చుని కాగితం మీది వాక్యాలు చదివారు. మంచి మోడళ్ళు ఈ పరీక్షలో ఒక శాతం కన్నా తక్కువ తప్పులతో గట్టెక్కాయి. 2021లో జర్మనీలో నికొలస్ ముల్లర్, ఆయన తోటివాళ్ళు ఒక కొంటె పని చేశారు. గొంతునంతా పక్కన పెట్టి, ఒక్కో ఫైలు మొదట్లో మాట మొదలవకముందు ఎంతసేపు నిశ్శబ్దం ఉందో, ఆ ఒక్క అంకెనే మోడల్‌కిచ్చారు. ఆ ఒక్క అంకెతో అది దాదాపు 85 శాతం సార్లు అసలేదో నకిలీ ఏదో సరిగ్గా చెప్పేసింది.

కాసేపు దీని దగ్గర ఆగండి. మనిషి చదివినప్పుడు మైకు ఆన్ అయ్యాక ఊపిరి తీసుకుంటాడు, కాగితం సర్దుకుంటాడు, అప్పుడు మొదలెడతాడు. యంత్రం ఠక్కున మాట్లాడేస్తుంది, ఎందుకంటే దానికి నేర్పిన ఫైళ్ళలో ఆ ఖాళీని ముందే కత్తిరించేశారు. మోడల్ పట్టుకున్నది ఆ కత్తిరింపుని. ఆ నిశ్శబ్దాన్ని తీసేసి మళ్ళీ పరీక్ష పెడితే, అంతకుముందు ఫస్టుక్లాసులో పాసైన మోడళ్ళ మార్కులు పడిపోయాయి. ప్రశ్నపత్రం రంగు చూసి జవాబులు రాసే పిల్లాడు గుర్తొచ్చాడు నాకు. మా బడిలో నిజంగానే ఒకడుండేవాడు, అదింకో కథ.

మరుసటి ఏడాది ఆ బృందమే ఇంకో పని చేసింది. రాజకీయ నాయకులు, సెలబ్రిటీలు కలిపి 58 మంది గొంతులవి, ఇంటర్నెట్లో నిజంగా తిరుగుతున్న అసలు, నకిలీ ఆడియోలు పోగుచేశారు, దాదాపు 38 గంటలు. ప్రయోగశాలలో రాణించిన మోడళ్ళని వాటి మీదకి వదిలారు. కొన్నింటి తప్పులు పదింతల దాకా పెరిగాయి. బయటి ఆడియోలో ఫ్యానుంటుంది, ట్రాఫిక్ ఉంటుంది, మూడు యాప్‌లు దాటొచ్చిన మురికి ఉంటుంది, నేర్పినప్పుడు లేని కొత్త యంత్రాలుంటాయి. ఎడిన్‌బరో గదిలో కాకి అరవదు.

ఇప్పుడు మాస్టారి క్యాసెట్ దగ్గరికొస్తాను. ఇక్కడ నా తప్పు కూడా ఉంది, దాచను.

క్యాసెట్‌ని డెక్‌లో పెట్టి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించినప్పుడు వచ్చిన ముడి ఫైలు వినడం కష్టం. టేపు బుస్‌మంటుంది. 50 హెర్ట్జ్ కరెంటు గుయ్యిమనే శబ్దం అడుగున ఉంది. సీలింగ్ ఫ్యాను, కుర్చీల చప్పుడు, రెండుసార్లు ఎవరో దగ్గు. గ్రూపువాళ్ళు అది వినరని నాకు తెలుసు. అందుకని మొదట నాయిస్ రిడక్షన్ చేశాను. మాటల మధ్య ఖాళీలో ఉన్న రొదని నమూనాగా తీసుకుని మొత్తం ఫైల్లోంచి తీసేయడం. దాంతో మాటల మధ్య జాగా శుద్ధ శూన్యమైపోయింది. గదిలో మనిషి మాట్లాడితే అలాంటి శూన్యం ఉండదు. తర్వాత, ఇది అసలు పాపం, ఒక యాప్‌లో ‘గొంతుని మెరుగుపరచు’ అనే మీట నొక్కాను. ఇప్పటి ఈ మీటలు చాలావరకు రొదని తీసెయ్యడంతో ఆగవు. వినబడ్డ దాన్నిబట్టి శుభ్రమైన గొంతు ఎలా ఉండాలో ఊహించి, దాన్ని మళ్ళీ తయారుచేస్తాయి. అంటే చివర్లో ఉండేది అదే వోకోడర్ లాంటి వస్తువు, లేదా దాని పినతండ్రి కొడుకు. ఆ తర్వాత తక్కువ సైజు ఎంపీ3 చేశాను, వాట్సాప్‌లో పంపాను.

స్క్రీన్‌షాట్ పడ్డ రాత్రి నేను అదే వెబ్‌సైట్‌లో అవే రెండు నిమిషాలు మూడు రకాలుగా పెట్టి చూశాను. ముడి ఫైలుకి ‘మనిషి’ అంది. రొద మాత్రం తీసిన ఫైలుకి ముల్లు మధ్యలో ఊగి ‘చెప్పలేను’ దగ్గర ఆగింది. మెరుగుపరిచిన ఫైలుకి మళ్ళీ ఎర్రరంగు. మాస్టారు ఒక్కరే, మాట ఒక్కటే, క్యాసెట్ ఒక్కటే.

నిజం చెప్పాలంటే డిటెక్టర్ తప్పు చెప్పలేదు. ఆ చివరి ఫైల్లోని శబ్దం నిజంగానే ఒక న్యూరల్ నెట్‌వర్క్ నోట్లోంచి వచ్చింది. దాన్ని అది పట్టుకుంది. ‘ఈ తరంగం యంత్రంలోంచి వచ్చిందా’ అన్న ప్రశ్నకి అవును అంది. మాస్టారు ఆ మాట అన్నారా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలూ ఒకప్పుడు ఒకదానికొకటి దగ్గరగా ఉండేవి. ఇప్పుడు రోజురోజుకీ దూరమవుతున్నాయి. గూగుల్ 2021లో సౌండ్‌స్ట్రీమ్, మెటా 2022లో ఎన్‌కోడెక్ అని న్యూరల్ కోడెక్‌లు తెచ్చాయి. గొంతుని కొన్ని సంకేతాలుగా కుదించి పంపితే, అవతలి పక్క నెట్‌వర్క్ దాన్ని మళ్ళీ గొంతుగా పుట్టిస్తుంది. గొంతులు క్లోన్ చేసే కొత్త యంత్రాలు కూడా ఈ రకం కోడెక్‌ల మీదే నడుస్తున్నాయి. ఫోన్లలో, మీటింగ్ యాప్‌లలో రొద తీసే సదుపాయాలు ఇదే దారిన పోతున్నాయి. రేపు మీరు మీ అమ్మతో నిజంగా మాట్లాడిన మాటలు కూడా ఒక నెట్‌వర్క్‌లోంచే బయటికొస్తాయి. అప్పుడు ఎర్ర ముల్లు ఏం చెప్తుంది?

ఇక తిరగేసి చూద్దామని నా గొంతునే క్లోన్ చేయించాను. నేనెప్పుడూ అనని ఒక వాక్యం దానిచేత చెప్పించాను. నేరుగా పెడితే డిటెక్టర్ వెంటనే పట్టేసింది, శెభాష్. తర్వాత దాన్ని ల్యాప్‌టాప్ స్పీకర్‌లో మోగించి, ఫ్యాను వేసి, మీటరు దూరంలో ఫోన్ పెట్టి రికార్డు చేశాను. తమ్ముడికి వాట్సాప్‌లో పంపి, వాడి దగ్గర్నించి మళ్ళీ తెప్పించుకున్నాను. ఈసారి ‘మనిషి’. ఇందులో నా తెలివేం లేదు. యంత్రం వదిలే గీతలు చాలా సన్నవి. వాటి మీద గది ప్రతిధ్వని పడుతుంది, ఫ్యాను రొద పడుతుంది, ఆపైన కోడెక్ వచ్చి మన చెవికి అక్కర్లేదనుకున్న సన్నపు వివరాల్ని చెరిపేస్తుంది. పాతకాలపు మామూలు ఫోన్ కాల్ అయితే సెకనుకి 8,000 నమూనాలే. అంటే 4,000 హెర్ట్జ్ పైన ఏమీ మిగలదు, చారికలు వెతకాల్సిన చోటే ఉండదు. మోసగాడు ఎలాగూ ఫోన్లోనే చేస్తాడు. నిజాయితీపరుడు పాత టేపుని శుభ్రం చేసి పెడతాడు. పరికరం ఎవర్ని పట్టిస్తుందో మీరే చూడండి.

ఆ 94 గురించి కూడా ఒక మాట. చూసినవాళ్ళంతా దాన్ని ‘నూటికి 94 పాళ్ళు ఇది అబద్ధం’ అని చదివారు. అది మోడల్ లోపలి స్కోరు. నేను నేర్చుకున్న నకిలీల వైపు ఇది ఇంత ఒరిగింది అని. తనెప్పుడూ చూడని టేపు బుసని, తనెప్పుడూ వినని భాషని ఇచ్చినా అది అంతే ధీమాగా ఏదో ఒక అంకె చెప్తుంది, నాకు తెలీదు అనదు. పోనీ స్కోరు నిజంగా గట్టిదే అనుకుందాం, నూటికి ఐదే తప్పులు చేసే డిటెక్టర్ అనుకుందాం. మన గ్రూపులో వెయ్యి ఆడియోలు పడితే అందులో పది నకిలీవి అనుకోండి. ఆ పదిలో తొమ్మిదో పదో పట్టుకుంటుంది. మిగతా 990 అసలువాటిలో ఐదు శాతం, అంటే దాదాపు యాభైని కూడా నకిలీ అంటుంది. ఎర్రముల్లు పడ్డ అరవైలో యాభై మంది మాస్టార్లే.

“మరి చెవితో వినొచ్చుగా, మనకి తెలీదా ఆ గొంతు?” అని అడిగాడు ఒక మిత్రుడు. 2023లో లండన్ పరిశోధకులు 529 మందికి ఇంగ్లీషు, మాండరిన్ ఆడియోలు వినిపిస్తే సరిగ్గా పోల్చుకున్నది 73 శాతం సార్లు. మన వైపు మరో ఆశ ఉంది, యాస. నేను విన్న తెలుగు క్లోన్లు చాలావరకు గొంతు గరుకుని బాగా తెస్తాయి, మాట నడకని మాత్రం వార్తలు చదివేవాళ్ళ దగ్గర అప్పు తెచ్చుకుంటాయి. విజయనగరం మాస్టారు టీవీ యాంకర్‌లా వాక్యం ముగిస్తే అనుమానించొచ్చు. కానీ దీన్ని కూడా నెత్తికెత్తుకోకండి. పాఠం నుంచి గొంతు పుట్టించే పద్ధతి ఒకటైతే, ఒక మనిషి మాట్లాడిన దానికి ఇంకో మనిషి గొంతు తొడిగే పద్ధతి మరొకటుంది. అందులో యాస, ఊపిరి, తడబాటు అన్నీ మాట్లాడినవాడివి అలాగే వచ్చేస్తాయి. పైగా యంత్రమే లేని సంగతి చూడండి. వరంగల్ నేరెళ్ళ వేణుమాధవ్ గారు ఎవరి గొంతుతోనో మాట్లాడినప్పుడు ఈ డిటెక్టర్ ఉండుంటే నూటికి నూరు ‘మనిషి’ అనేది. నిజమే, మనిషే. ఆ మనిషి కాడు, అంతే.

ఇంత చెప్పాక మీరు అడుగుతారు, మరి దేనితో తేలుతుందని. తేలిన చోట్ల ఎలా తేలిందో చూడండి. 2024 జనవరిలో అమెరికాలో న్యూ హ్యాంప్‌షైర్ ఓటర్లకి బైడెన్ గొంతుతో ఫోన్లు వచ్చాయి, ప్రైమరీలో ఓటెయ్యొద్దని. ఒక డిటెక్టర్ కంపెనీ అది ఏ కంపెనీ యంత్రంతో చేశారో కూడా చెప్పగలిగింది. మెచ్చుకోవాల్సిందే. తెలిసిన యంత్రం అయితే పట్టుకుంటాయి, కాదనను. కానీ ఎవరు, ఎందుకు అన్నది తేలింది ఒక మెజీషియన్ ముందుకొచ్చి, నాకు 150 డాలర్లిచ్చి చేయించారని టీవీ వాళ్ళకి చెప్పాకే.

తేలని చోటు మన పక్కనే ఉంది. 2023 ఏప్రిల్‌లో తమిళనాడు అప్పటి ఆర్థికమంత్రి పళనివేల్ త్యాగరాజన్ సొంత పార్టీవాళ్ళని తప్పుపడుతున్నట్టున్న ఆడియోలు రెండు బయటికొచ్చాయి. అవి కల్పితమని ఆయనన్నారు. మే నెలలో ఆయన శాఖ మారింది. ఆర్థికం పోయి ఐటీ వచ్చింది, తమాషా చూడండి. ‘రెస్ట్ ఆఫ్ వరల్డ్’ అనే పత్రిక ఆ ఆడియోలని నిపుణులకి పంపించింది. కాస్త పొడవుగా, స్పష్టంగా ఉన్న రెండోది అసలుదే అన్నారు. మొదటిది అరనిమిషం కూడా లేదు, అంతా రొద. దానిమీద గట్టిగా ఒక మాట తేల్చలేకపోయారు. చేతులు దాటి వచ్చిన చిన్న ముక్క అది. వాళ్ళు పరికరాలున్న నిపుణులు. మన గ్రూపులో రెండు నిమిషాల ఎంపీ3కి ఒక ఉచిత వెబ్‌సైట్ తీర్పు చెప్పేసింది, మనం సంతకాలు పెట్టేశాం.

ఎవడైనా కిట్టని ఆడియోని క్లోనింగ్ అని కొట్టిపారేసే రోజులొచ్చాయి. ఆ కొట్టిపారేసేవాడి చేతికి మనం అంకె కూడా అందిస్తున్నాం. నేను గ్రూపు పెద్దలకి చెప్పింది ఇదే, ఇక్కడా అంటున్నాను. శాతాలు పోస్ట్ చెయ్యడం మానండి. ముడి ఫైలు అడగండి. నన్ను అడగాల్సింది: క్యాసెట్ ఎక్కడుంది? రెండో పక్క ఏముంది? ఆ రెండు నిమిషాలకి ముందూ వెనకా పది నిమిషాలు వినిపిస్తావా? ఫ్యాను రొద, కరెంటు గుయ్యిమనడం ఆ చివర్నించి ఈ చివరిదాకా తెగకుండా నడుస్తున్నాయా, ఎక్కడైనా అతుకుందా? ఆ రోజు హాల్లో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఇవి ఎవరూ అడగలేదు. అడిగుంటే ముప్పావుగంట టేపు నా దగ్గరుంది. మాస్టారి మాట మీదుగా ఎవరో దగ్గిన దగ్గు ఉంది, మైకు సర్దిన చప్పుడు ఉంది, కూలిమనిషి పేరు చెప్పగానే వెనక బెంచీలోంచి “ఆవిడ మా ఊరే” అని ఒకాయన అరిచిన అరుపు ఉంది. ఆ అరుపుని రొదనుకుని తీసేసింది నా మెరుగుపరిచే మీటే.

పాత టేపులు ఎక్కించే నాలాంటి వాళ్ళకి కూడా చెప్పుకోవాలి. ముడి ఫైలు ముందు పెట్టాలి, శుభ్రం చేసింది పక్కన పెట్టాలి, ఏమేం చేశామో రెండు ముక్కలు రాయాలి. నేను చెయ్యలేదు. వినసొంపుగా ఉండాలన్న యావలో సాక్ష్యాన్ని కడిగేశాను.

ముడి ఫైలు మొత్తం మాస్టారి అమ్మాయికి పెన్‌డ్రైవ్‌లో పంపించాను. వారం తర్వాత ఫోన్ చేశారు. వెనక బెంచీ ఆయన్ని ఆవిడ గొంతునిబట్టి పోల్చుకున్నారు. పక్కూరాయనే, ఇప్పుడు ఎనభై ఏళ్ళు, చెవులు సరిగ్గా వినపడవు. వెళ్ళి హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించారట. ఆయన తన అరుపు విని నవ్వి, ఆ కూలిమనిషి పేరు ఇంకోసారి చెప్పి, టేపులో మాస్టారు చెప్పని మూడో చరణం కూడా అందుకున్నాడట. “రికార్డు చేశారా అమ్మా?” అన్నాను. చేశారు. ఈసారి నేను ఏ మీటా నొక్కలేదు. గ్రూపులో ఆ స్క్రీన్‌షాట్ ఇంకా పైన పిన్ చేసే ఉంది.